ఉల్లి కణంలో లేనిదాన్ని ఉందని రాస్తే తొమ్మిది మార్కులు

పోస్టు పెద్దదే, కొంచెం ఓపిక పట్టి చదవండి. బైపీసీ, బీజడ్‌సీ వాళ్లు తప్పకుండా చదవండి. మిగతావాళ్లు కూడా చదివితే మంచిదే, ఎందుకంటే గొడవ ఒక వర్క్‌షీట్ దగ్గర మొదలైనా అక్కడితో ఆగలేదు.

విషయం ఇది. పోయిన నెల మా హాస్టల్లో బీజడ్‌సీ చదివే వాళ్లందరికీ కాలేజీలో సమవిభజన మీద వర్క్‌షీట్ ఇచ్చారు. పైన "ఉల్లి వేరు కొన కణాల్లో సమవిభజన, సూక్ష్మదర్శినిలో కనిపించే దశలు" అని హెడ్డింగు. కింద ఆరు బొమ్మలు, వరస మార్చి వేసినవి. ఏ బొమ్మ ఏ దశో రాయాలి, భాగాలకు పేర్లు పెట్టాలి, ఒక్కో దశలో ఏం జరుగుతుందో రెండు మూడు వాక్యాల్లో చెప్పాలి, క్రొమోజోముల సంఖ్య రాయాలి. పది మార్కులు, ఇంటర్నల్స్‌లో కలుపుతారు.

ఇదే వర్క్‌షీటుకి జవాబుల పీడీఎఫ్ మన గ్రూపులోనే రెండేళ్లుగా తిరుగుతోంది. దాన్ని చూసి రాసిన వాళ్లకు తొమ్మిది వచ్చాయి. ల్యాబులో స్లైడు చూసి, చూసింది చూసినట్టు రాసిన నలుగురం ఉన్నాం. మాకు నాలుగు, ఐదు వచ్చాయి. మార్కులు పోయినందుకు ఏడుస్తున్నామని అనుకునేవాళ్లు అనుకోండి, కొంచెం ఏడుపు ఉన్నమాట నిజమే. కానీ ఆ పీడీఎఫ్‌లో ఉన్నది తప్పు, ఆ బొమ్మల్లో ఉన్నదీ తప్పు. తప్పని ఎట్లా తెలుస్తుందో చెప్తాం, చదివాక మీరే తేల్చండి.

మొదట బొమ్మలు. ఆరూ గుండ్రంగా ఉన్నాయి. ప్రతి కణంలో రెండు పక్కలా చిన్న చిన్న గొట్టాల్లాంటివి, వాటి చుట్టూ సూర్యుడికి గీసినట్టు కిరణాలు. వాటికి బాణం గుర్తు వేసి పేరు రాయమన్నారు. పీడీఎఫ్ జవాబు: సెంట్రియోల్. చివరి బొమ్మలో కణం నడుముకి తాడు బిగించినట్టు రెండు పక్కలా లోపలికి నొక్కుకుపోయి ఉంది. పీడీఎఫ్ జవాబు: కణం నొక్కుకుని రెండుగా విడిపోతుంది.

ఉల్లి వేరు కణంలో సెంట్రియోల్ ఉండదు. పుష్పించే మొక్కల్లో వేటి కణాల్లోనూ ఉండదు. అది లేకుండానే వాటిలో కండె పోగులు ఏర్పడతాయి. సెంట్రియోలూ, దాని చుట్టూ కిరణాలూ జంతు కణం లక్షణం. నడుము నొక్కుకోవడమూ అంతే. జంతు కణానికి బయట మెత్తటి పొరే ఉంటుంది కాబట్టి నొక్కుకోగలదు. ఉల్లి కణానికి బయట గట్టి గోడ ఉంది, అది ఎట్లా నొక్కుకుంటుంది? అక్కడ జరిగేది వేరే. రెండు కేంద్రకాలకూ నడుమ చిన్న చిన్న సంచులు వచ్చి చేరి, ఒకదానితో ఒకటి కలిసి కణఫలకం అవుతాయి. ఆ ఫలకం మధ్యలో పుట్టి అంచులకు పెరిగి పాత గోడను కలుసుకుంటుంది. మన ఇళ్లల్లో అన్నదమ్ములు వేరుపడితే ఇంటికి నడుమ తడిక కట్టుకుంటారు చూడండి, ఇంచుమించు అట్లాంటిదే. కాకపోతే తడికను ఒక గోడ నుంచి మొదలుపెడతాం, కణం నడుమ నుంచి మొదలుపెడుతుంది.

అంటే ఆ వర్క్‌షీట్ మీద ఉన్నది జంతు కణం బొమ్మ. ఎవరో ఎక్కడిదో తీసుకుని పైన ఉల్లి అని హెడ్డింగు పెట్టారు. జంతు కణాల బొమ్మలకు పెద్ద చరిత్రే ఉంది. సమవిభజనకు మైటోసిస్ అని పేరు పెట్టిన జర్మనీ శాస్త్రవేత్త వాల్తెర్ ఫ్లెమింగ్ 1882లో పుస్తకం వేశాడు. ఆయన ఎక్కువగా చూసింది సాలమాండర్ అనే, బల్లిలా కనిపించే ఉభయచర జీవి కణాలు. గ్రీకులో మైటోస్ అంటే దారం, కణంలో దారాలు కనిపించాయి కాబట్టి ఆ పేరు. ఆయన సాలమాండర్‌ని చూసి సాలమాండర్ అనే చెప్పాడు. మనం సాలమాండర్ లాంటి కణాన్ని గీసి ఉల్లిపాయ అంటున్నాం.

ఇప్పుడు స్లైడు సంగతి. మేము ఎట్లా చేశామో చెప్తాం, మీరూ చేయొచ్చు. హాస్టల్ వంటగదిలో అడిగి చిన్న ఉల్లిపాయలు నాలుగు తెచ్చాం. కింద ఎండిపోయిన పాత వేర్లు బ్లేడుతో గీసేసి, నీళ్లు నింపిన గాజు గొట్టం మూతి మీద, అడుగు మాత్రమే తడిసేట్టు కూర్చోబెట్టాం. నాలుగు రోజుల్లో రెండు మూడు సెంటీమీటర్ల తెల్లటి వేర్లు వచ్చాయి. పొద్దున ఎనిమిదిన్నర, పదిన్నర మధ్య కొనలు కోసి, ఒక వంతు గ్లేసియల్ ఎసిటిక్ ఆమ్లం, మూడు వంతులు ఆల్కహాల్ కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచాం. దీంతో కణాలు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. సగం విడిపోయిన కణం సగం విడిపోయినట్టే ఉండిపోతుంది. తరవాత ఒక వేరును స్లైడు మీద పెట్టి, బాగా పలచన చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క, ఎసిటోకార్మిన్ రెండు మూడు చుక్కలు వేసి స్పిరిట్ దీపం మీద సెగ చూపించాం. మరగనివ్వకూడదు, ఎండనివ్వకూడదు. ఆమ్లం కణాలను అతికించి ఉంచే జిగురును మెత్తబరుస్తుంది, కార్మిన్ క్రొమోజోములకు ఎరుపు పట్టిస్తుంది. (ఈ కార్మిన్ ఎక్కడిదనుకున్నారు? నాగజెముడు మొక్కల మీద బతికే కొచినీల్ అనే పురుగు నుంచి తీసేది. మన పెద్దవాళ్లు అడవిలో తీసే లక్క కూడా అట్లాంటి పొలుసు పురుగుదే.) చివరికి బాగా రంగెక్కిన రెండు మూడు మిల్లీమీటర్ల కొన మాత్రం ఉంచి మిగతాది పారేసి, నీటి చుక్క వేసి, కవర్ స్లిప్ పెట్టి, సూది వెనక మొనతో మెల్లగా తట్టాం. కణాలు ఒకే పొరగా పరుచుకోవాలి.

మొదటిసారి మాకు ఏమీ కనిపించలేదు. ఇటుకలు పేర్చినట్టు పొడుగు కణాలే, ఒక్కటీ విభజనలో లేదు. కారణం తరవాత తెలిసింది. కొన పారేసి పైభాగం ఉంచుకున్నాం. పైభాగంలో కణాలు సాగుతాయి గానీ విడిపోవు. విభజన అంతా కొనకు దగ్గరగా ఉండే రెండు మూడు మిల్లీమీటర్లలోనే. మీకు పొడుగు కణాలు కనిపిస్తే తప్పు మైక్రోస్కోపుది కాదు, కోసిన చోటుది. మసకగా ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తే సరిగ్గా తట్టలేదని అర్థం.

రెండోసారి కనిపించింది. అప్పుడు తెలిసింది వర్క్‌షీట్ ఇంకో అబద్ధం కూడా చెప్తోందని. కాగితం మీద ఆరు బొమ్మలకూ సమానమైన చోటు ఇచ్చారు. స్లైడు మీద అట్లా ఉండదు. మేము వంద కణాలు లెక్కపెట్టాం. ఎనభై ఎనిమిది అంతర్దశలో ఉన్నాయి. ఏడు ప్రథమ దశలో, రెండు మధ్య దశలో, ఒకటి చలన దశలో, రెండు అంత్య దశలో ఉన్నాయి. చలన దశ ఒక్కటే ఎందుకు దొరికిందో ఆలోచించండి. అది తొందరగా అయిపోతుంది. సంతలో ఎక్కువసేపు ఉండేవాడే ఎక్కువమందికి కనబడతాడు కదా. ఏ దశకు ఎక్కువ సమయం పడుతుందో ఆ దశలో ఎక్కువ కణాలు దొరుకుతాయి. వంద కణాలు మరీ తక్కువ, ఇంకో స్లైడులో అంకెలు మారతాయి, కానీ అంతర్దశదే పెద్ద వాటా అన్నది మారదు. పీడీఎఫ్‌లో అంతర్దశను "విశ్రాంతి దశ" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. డీఎన్‌ఏ రెండింతలయ్యేది ఆ దశలోనే. ఆ పని జరగకపోతే తరవాత పంచడానికి ఏమీ ఉండదు.

ఇక మాకు మార్కులు పోయిన చోటికి వద్దాం. మాలో ఒక చెల్లి ఒక కణం గీసింది. అందులో క్రొమోజోములు అడ్డంగా గీత గీసినట్టు లేవు, పువ్వు రేకుల్లా గుండ్రంగా పరుచుకుని ఉన్నాయి. దాన్ని మధ్య దశ అని రాసింది. "మధ్య దశలో క్రొమోజోములు కణం మధ్యలో వరసగా ఉంటాయి, ఇది ప్రథమ దశ" అని ఎర్ర పెన్నుతో కొట్టేశారు. చెల్లి రాసిందే కరెక్టు. తట్టినప్పుడు కణాలు ఎటుపడితే అటు తిరుగుతాయి. పళ్లేన్ని పక్క నుంచి చూస్తే గీతలా ఉంటుంది, పై నుంచి చూస్తే గుండ్రంగా ఉంటుంది. మధ్య దశ కూడా అంతే. మరి ప్రథమ దశ కాదని ఎట్లా చెప్పాలి? కేంద్రకాంశం కోసం చూడాలి. ప్రథమ దశ మొదట్లో ఎర్రటి దారాల నడుమ అది ఇంకా కనిపిస్తుంది, దారాలు పొడుగ్గా, చిక్కుపడి ఉంటాయి, అంచు గుండ్రంగా తెలుస్తుంది. చెల్లి గీసిన కణంలో కేంద్రకాంశం లేదు, అంచు లేదు, క్రొమోజోములు పొట్టిగా, లావుగా, విడివిడిగా ఉన్నాయి. ప్రథమ దశ బాగా ముదిరినప్పుడు నిజంగానే తేడా పట్టడం కష్టం, అది ఒప్పుకుంటాం. అప్పుడు "మధ్య దశకు దగ్గర్లో" అని రాయడం నిజాయితీ. వర్క్‌షీట్ దానికి చోటే ఇవ్వదు.

అంత్య దశ దగ్గర కూడా ఇట్లాంటి చిక్కే ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు మామూలు కణాలను చూసి అంత్య దశ అనుకునేవాళ్లు చాలామంది. మేమూ అనుకున్నాం. రెండు కేంద్రకాలూ చిన్నగా, ముద్దగా, ముదురు ఎరుపులో ఉండి, నడుమ సన్నటి గీత మాత్రమే ఉంటే అంత్య దశ. కేంద్రకాలు పెద్దగా, లేత రంగులో, లోపల కేంద్రకాంశం తెలుస్తూ, నడుమ మిగతా గోడలంత మందమైన గోడ ఉంటే అవి పని ముగించుకున్న వేరు వేరు కణాలు.

ఇంకో తమ్ముడికి కండె పోగులు గీయనందుకు ఒక మార్కు పోయింది. ఎసిటోకార్మిన్ వేసిన స్లైడులో కండె పోగులు కనిపించవు, ఆ రంగు వాటికి పట్టదు. అవి ఉన్నాయన్నది నిజమే, అవి లేకపోతే క్రొమోజోములు కదలవు. కానీ "సూక్ష్మదర్శినిలో చూసింది గీయండి" అని అడిగినప్పుడు కనపడనిదాన్ని గీయకపోవడం ఎట్లా తప్పవుతుంది? పాఠం తెలిసినట్టు చూపించాలంటే చుక్కల గీతలతో గీసి "ఈ స్లైడులో కనపడలేదు" అని పక్కన రాయొచ్చు. తమ్ముడికి ఆ సంగతి ముందు తోచలేదు, మాకూ తోచలేదు. ఇకమీద అట్లాగే రాస్తాం.

అన్నిటికంటే పెద్ద తప్పు క్రొమోజోముల లెక్కలో ఉంది. ఇదొక్కటి మాత్రం మెల్లగా చదవండి. వర్క్‌షీట్ బొమ్మలో మధ్య దశలో నాలుగు క్రొమోజోములు గీశారు. చలన దశలో ఎన్ని అని అడిగారు. పీడీఎఫ్ జవాబు: నాలుగు, ఒక్కో ధ్రువానికి రెండు. దీనికి ఫుల్ మార్కులు పడ్డాయి.

లెక్కపెట్టే పద్ధతి సులువు. సెంట్రోమియర్లను లెక్కపెట్టండి. ఒక సెంట్రోమియర్ ఉంటే ఒక క్రొమోజోమ్, దానికి ఎన్ని చేతులున్నా సరే. ఉల్లినే తీసుకుందాం, ఉల్లి కణంలో పదహారు క్రొమోజోములు. మధ్య దశలో ఒక్కోదానికి రెండు క్రొమాటిడ్లు, రెండూ ఒకే సెంట్రోమియర్ దగ్గర అతుక్కుని ఉంటాయి. కాబట్టి క్రొమోజోములు పదహారు, క్రొమాటిడ్లు ముప్పై రెండు. చలన దశలో ఆ సెంట్రోమియర్ చీలుతుంది. చీలగానే ఒక్కో క్రొమాటిడ్‌కు సొంత సెంట్రోమియర్ వచ్చినట్టు, ఇక దాన్ని క్రొమోజోమ్ అనే అనాలి. కాబట్టి ఆ కాసేపు కణంలో ముప్పై రెండు ఉంటాయి, ఇటు పదహారు, అటు పదహారు. అందుకే పిల్ల కణాలకు తల్లి కణంతో సమానంగా వస్తాయి. వర్క్‌షీట్ బొమ్మ ప్రకారమైతే జవాబు ఎనిమిది, ఒక్కో ధ్రువానికి నాలుగు.

పీడీఎఫ్ చెప్పినట్టు సగం సగం పోతే ఏమవుతుందో చూడండి. ఉల్లి వేరులో ఒక విభజనకి పదహారు కాస్తా ఎనిమిది అవుతుంది. ఇంకో విభజనకి నాలుగు. తరవాత రెండు. తరవాత ఒకటి. ఐదోసారి విడిపోవడానికి పంచుకునేందుకేమీ లేదు. మా గాజు గొట్టంలో వేరు నాలుగు రోజుల్లో రెండు మూడు సెంటీమీటర్లు ఎట్లా పెరిగింది మరి? సగమయ్యేది క్షయకరణ విభజనలో, పుప్పొడీ అండమూ తయారయ్యేటప్పుడు. ఆ పీడీఎఫ్ రాసిన అన్న రెండు పాఠాలనూ కలిపేశాడు. ఎవరో మాకు తెలియదు, కోపమూ లేదు. ఆయన కూడా ఇంకెవరి దాంట్లోనో చూసి రాసి ఉంటాడు. ఇంటర్లో మేమూ దాన్నే చూసి రాశాం, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

దీని మీద గ్రూపులో మొన్న చిన్నగా రాస్తే ఒక సీనియర్ అన్న జవాబిచ్చాడు: "తమ్ముళ్లూ, సార్ వాళ్లు ఏం అడిగితే అది రాయండి, మార్కులు తెచ్చుకోండి, సెంట్రియోల్ ఉంటే మనకేంటి లేకపోతే మనకేంటి." అన్న మన మంచికే అన్నాడు. ఇంటికి ఇంకో చదువుకున్నోడు లేని మనలాంటి వాళ్లకు ఒక్కో మార్కూ ఎంతో మాకు తెలుసు. కానీ అన్నా, పీజీ ఎంట్రన్సు పేపరు మన వర్క్‌షీటును చూసి తయారుచేయరు. "ఉల్లి వేరు కణంలో చలన దశలో క్రొమోజోములెన్ని" అని అడిగితే అక్కడ పదహారు అని పెట్టి వస్తాం. ఇక్కడ వచ్చిన తొమ్మిది అక్కడ సున్నా అవుతుంది. పట్నంలో కోచింగుకి పోయేవాళ్లకు అక్కడ ఇంకొకరు సరిదిద్దుతారు. మనకు ఆ పీడీఎఫే కోచింగు.

ఇంకోటి చెప్పాలి. ఈ పోస్టు రాయాలని కూర్చున్నది దానికోసమే. స్లైడు చూసిన రోజు ఆ చెల్లి చాలాసేపు మైక్రోస్కోపు దగ్గరే నిలబడింది. ఫోకసు అటూ ఇటూ తిప్పింది. ముందు పదింతల లెన్సుతో చూసింది, తరవాత నలభై ఐదింతల దానికి మార్చింది. ఏమైందని అడిగితే "సెంట్రియోల్ కనిపించట్లేదు అన్నా, నాకే చూడడం రావట్లేదేమో" అంది. ఇంట్లో ఒక భాష, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు దాటుకుని వచ్చిన పిల్ల. కళ్ల ముందున్నది లేదని సరిగ్గానే చూసి, జిరాక్సు కాగితం మీద ఉంది కాబట్టి తన కళ్లదే తప్పనుకుంది. తరవాత మార్కులు వచ్చి ఆ అనుమానాన్ని ఖాయం చేశాయి. మొక్క కణంలో సెంట్రియోల్ ఉండదన్న వాక్యం మా సొంత టెక్స్ట్‌బుక్‌లోనే, కణం పాఠంలో ఉంది. పుస్తకం తెరిచి చూపించాక గానీ చెల్లి నమ్మలేదు.

మేడమ్‌ను తిట్టాలని ఇది రాయలేదు. ఒక్కరే మూడు క్లాసులకు చెప్తున్నారు, అంతమంది పేపర్లు దిద్దాలంటే పక్కన కీ పెట్టుకునే దిద్దుతారు. మేము పుస్తకం పట్టుకుని వెళ్లి అడిగితే సెంట్రియోల్ మార్కు ఇచ్చారు, గుండ్రటి మధ్య దశకు మాత్రం ఇవ్వలేదు. "స్లైడు మళ్లీ చూపిస్తే చూస్తాను" అన్నారు. సరే అన్నాం.

గ్రూపు అడ్మిన్లకు మా విన్నపం ఒకటే. ఆ పీడీఎఫ్‌ను తీసేయండి, లేదా పైన "ఇందులో బొమ్మలు జంతు కణానివి, చలన దశ లెక్క తప్పు" అని రాసి పెట్టండి. వచ్చే నెల ఇంటర్ తమ్ముళ్లకు ప్రాక్టికల్స్ ఉన్నాయి, వాళ్లు ఇప్పటికే డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు. ఎక్కడైనా మేము తప్పు రాసి ఉంటే కింద చెప్పండి, దిద్దుకుంటాం. "ఎందుకురా ఇదంతా" అని మాత్రం రాయకండి.

నిన్న సాయంత్రం మళ్లీ ఐదు ఉల్లిపాయలు నీళ్ల మీద పెట్టాం. శుక్రవారం పొద్దున వేర్లు కోస్తాం, శనివారం రంగు వేస్తాం. మేడమ్ పదకొండింటికి వస్తానన్నారు. హాస్టల్లో ఉన్నవాళ్లు ఎవరైనా రావచ్చు, వచ్చేటప్పుడు ఎవరి బ్లేడు వాళ్లు తెచ్చుకోండి, మా దగ్గర రెండే ఉన్నాయి.